గరాటు మేస్త్రి రాసిచ్చిన సంజాయిషీ

మా చెల్లెలి భర్తను అసలు పేరుతో పిలిచేది ఓటర్ల జాబితా ఒక్కటే. మిగతా లోకానికి ఆయన గరాటు మేస్త్రి. పాతికేళ్ళ వయసులో వేరొకరి షెడ్డులో పనిచేస్తున్నప్పుడు, ఒక లారీకి ఆయిలు పోసి, గరాటును ఇంజను పక్కనే మరిచిపోయి బానెట్టు మూసేశాడు. ఆ లారీ డెబ్బై కిలోమీటర్లు వెళ్ళి, సరుకు దింపి, క్షేమంగా తిరిగొచ్చింది. గరాటూ దాంతోపాటే తిరిగొచ్చింది. దాన్ని ఎక్కడో ఒక చోట పారేశారు గానీ, పేరును మాత్రం ఎవరూ పారేయనివ్వలేదు.

అప్పటి నుంచి ఆయన గరాటు ముట్టుకోలేదు. సొంత షెడ్డు పెట్టుకున్నాక ఆ పనికి ఒక డబ్బాను నియమించుకున్నాడు. పేరున్న కంపెనీవాళ్ళు లారీల కోసం అమ్మే చిక్కటి ఆయిలు డబ్బా అది. అందులో ఆయిలు ఏనాడో అయిపోయింది. కానీ దానికి లాగితే బయటికొచ్చే పొడుగాటి ముక్కు ఉంది, పక్కన లీటర్ల గీతలున్నాయి. చవక కంపెనీల డబ్బాలకు ముక్కు ఉండదు. వంచితే సగం ఇంజనులోకి, సగం మన చెప్పుల్లోకి పోతుంది. కాబట్టి ఏ బండి వచ్చినా సీలు తీసిన చవక ఆయిలును ఆ ముక్కు డబ్బాలోకి ఒంపి, అక్కడి నుంచి ఇంజనులోకి పోస్తాడు. పని కాగానే కిరోసిన్ గుడ్డతో, ఆపైన పొడి గుడ్డతో లోపలిదాకా తుడిచి బోర్లిస్తాడు. తన మొహం కూడా అంత శ్రద్ధగా తుడుచుకోడని మా చెల్లెలి ఆరోపణ.

చూసేవాళ్ళకి కనిపించేది ముక్కు కాదు, డబ్బా మీది కంపెనీ బొమ్మ. ఆ బొమ్మను టీవీలో పదివేలసార్లు చూసినవాళ్ళు, తమ బండిలోకి ఆ డబ్బా వంగుతుంటే ఫోను తీసి ఫోటో కొట్టుకునేవారు. ఆయన తీసుకునేది చవక ఆయిలు ధరే. బిల్లు చూస్తే తెలుస్తుంది. కానీ బిల్లు చూసేవాళ్ళు అంకె చూసి మురిసేవారు, ఫోటో చూసి మురిసేవారు, రెండూ పక్కపక్కన పెట్టి మాత్రం చూసేవారు కాదు. వాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు. పన్నెండేళ్ళు అందరూ సుఖంగా ఉన్నారు.

మా ఇల్లు ఆ షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను పగలంతా అక్కడే ఒక పాత కారు సీటు మీద కూర్చుని చదువుకుంటున్నాను కాబట్టి, పళ్ళ డాక్టరుగారు తన కొత్త కారు తీసుకొచ్చిన రోజున కూడా ఉన్నాను.

ఆ కారు కొని ఇరవై నెలలు. మూడేళ్ళ వారంటీ. ఉచిత సర్వీసులు షోరూములో చేయించుకున్నారు. తరవాతి సర్వీసుకు అక్కడ ఆయిలు ధర విని ఆయన పళ్ళు ఆయనకే జివ్వుమన్నాయట. తన దగ్గరికొచ్చే రోగులతో "ఏ పేస్టయితే ఏంటమ్మా, తోమడం ముఖ్యం" అనే మనిషి. ఆ శాస్త్రాన్నే కారుకూ వర్తింపజేద్దామని మా వీధికి దయచేశారు.

"చవక ఆయిలు పోస్తే వారంటీకి ఏమీ కాదు కదా మేస్త్రీ?" అన్నారు, నలుగురూ వింటున్నారేమో చూసుకుని.

"కారుతోపాటు ఇచ్చిన పుస్తకం ఉందాండీ?"

పుస్తకం కారు సొరుగులో, కళ్ళద్దాల డబ్బా కింద ఇంకా ప్లాస్టిక్కు కవరులోనే ఉంది. బావ కవరు చింపి, నా వైపు విసిరాడు. "బావా, నువ్వు ఎలాగూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటావు. ఇంజన్ ఆయిలు ఎక్కడుందో చూడు."

చూశాను. ఆయిలు చిక్కదనం గ్రేడు జీరో డబ్ల్యూ ట్వంటీ అని, దాని కింద ఆ ఆయిలు తీర్చవలసిన ప్రమాణం తాలూకు అక్షరాలు. కంపెనీ సొంత ఆయిలు 'సిఫారసు' అని ఉంది గానీ, అదే పోయాలని లేదు.

బావ లోపలికెళ్ళి ఒక చవక డబ్బా తెచ్చి, వెనక ఉన్న సన్న అక్షరాలను నా చేత పుస్తకంతో సరిచూపించాడు. గ్రేడు అదే. ప్రమాణం అదే. "ముందు వైపు పేరు మనకోసం వేస్తారండీ. ఇంజను చదివేది వెనకవైపే. ఇది సరిపోయినాక ఇబ్బందేముంది?"

అక్షరాలా నిజం. ఇరవై ఏళ్ళ అనుభవం అంత సొగసుగా మాట్లాడి, పాత ఆయిలు దింపి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు ముక్కు డబ్బాలోకి ఒంపి పోయడం మొదలుపెట్టింది. డాక్టరుగారు ఫోను తీశారు. సీలు తీసిన చవక డబ్బాను ఫోటోలో పడకుండా కాలితో మెల్లగా అవతలికి జరిపారు. "ఆ, అలాగే వంచి ఉంచండి మేస్త్రీ, బొమ్మ పడాలి." సాయంత్రానికల్లా ఆ ఫోటో మా వీధి గ్రూపులో ఉంది: మా కారుకు ఏదిపడితే అది పోయించం.

బావ బిల్లు రాసిచ్చాడు. ఆయన బిల్లులు ప్రసిద్ధమైనవి. "ఆ.మా., ఫి.మా." అంటే ఆయిలు మార్చడమైనది, ఫిల్టరు మార్చడమైనది. ఏ ఆయిలో, ఏ గ్రేడో, ఏ ఫిల్టరో, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లో ఉండదు. అదంతా ఆయన బుర్రలో ఉంటుంది. బుర్రకు రసీదు ఇచ్చే అలవాటు లేదు.

నాలుగు నెలలకు కారు ఎత్తు మీద ఊపిరి అందని మనిషిలా ఆయాసపడి, నీలం పొగ కక్కి, విజిలు వేయడం మొదలుపెట్టింది. డాక్టరుగారి ఇంటి ముందు రెండు రోజులు నిలబడి, తర్వాత తాళ్ళు కట్టించుకుని షోరూముకు వెళ్ళింది. మర్నాడు డాక్టరుగారు మా షెడ్డుకు ఆటోలో వచ్చారు. దిగుతూనే మర్యాద ఆటోలో వదిలేశారు.

"లారీ ఆయిలు పోశావా నా కారుకి?"

బావ కింద నుంచి, ఒక జీపు పొట్ట కింద నుంచి అన్నాడు, "ఎవరన్నారండీ?"

"నేనే అన్నా! నా ఫోటోనే అంది! 'సర్వీసు బయట చేయించారు, ఆయిలు ఏం పోశారు?' అని అడిగాడు షోరూములో ఆ టై కట్టుకున్నవాడు. నీ బిల్లు చూపిస్తే, ఇదేం భాషండీ అన్నాడు. సరే, నోరు మూయిద్దామని ఫోటో చూపించా. వాడు దాన్ని ఇంత పెద్దది చేసి చూసి, 'సర్, ఇది ఫిఫ్టీన్ డబ్ల్యూ ఫార్టీ, డీజిలు లారీలకు పోసేది, సాక్ష్యం మీరే తెచ్చారు, థాంక్స్' అన్నాడు. టర్బో పోయింది, అదే, ఇంజనులోకి గాలి ఊదే చక్రం. అది తిరిగే చోట ఆయిలు అందక అరిగిపోయిందట. వారంటీ లేదు పొమ్మన్నాడు."

"మొత్తం వారంటీయే లేదన్నాడా?" అని నేను అడిగాను.

డాక్టరుగారికి ఈ ప్రశ్న మరింత కోపం తెప్పించింది. "అదే విడ్డూరం! వెనక అద్దం దిగట్లేదంటే వారంటీలోనే మోటారు మార్చారు. అదేంటయ్యా అంటే, 'అద్దంలో ఆయిలు పోయరు కదా సర్' అని నవ్వుతాడు."

బావ జీపు కింద నుంచి బయటికొచ్చాడు. మొదట నవ్వాడు. బోర్లించిన ముక్కు డబ్బాను చూపించి, "అది నా గరాటండీ. అందులో ఆ ఆయిలు లేక పన్నెండేళ్ళు. మీ ఎదురుగానే కదా చవక డబ్బా సీలు తీసి అందులో ఒంపాను? మీరే కదా దాన్ని కాలితో..." అంటూ ఆగిపోయాడు. నవ్వు మొహం మీదే ఉంది గానీ, దాన్ని దింపడం మరిచిపోయినట్టు ఉండిపోయింది. వీధి గ్రూపులో తన డబ్బా ఎన్ని ఫోటోల్లో ఉందో అప్పుడే లెక్క తట్టినట్టుంది.

"నాకు ఆ ముక్కు కథలొద్దు. కారు బాగవ్వాలి. లేకపోతే వీధి మొత్తానికి చెబుతా, గరాటు మేస్త్రి కార్లకు లారీ ఆయిలు పోస్తాడని."

అంటే బావ ముందున్న దారులు ఇవి. డబ్బాలో ఉన్నది నిజంగా ఆ డబ్బా ఆయిలే అని ఊరుకుంటే, తప్పుడు ఆయిలు పోసిన మేస్త్రి అవుతాడు. కాదు, అందులో ఉన్నది చవక ఆయిలు అంటే, బొమ్మ చూపించి మురిపించిన మేస్త్రి అవుతాడు. మొదటిది అబద్ధం, పని పోతుంది. రెండోది నిజం, పేరు పోతుంది. మా చెల్లెలు టీ గ్లాసులు పెడుతూ, "పేరంటే గరాటే కదండీ, పోతే పోనీండి" అంది. ఓదార్పులో దానికి దాని పద్ధతి ఉంది.

వారంటీ పుస్తకం మళ్ళీ నా చేతికే వచ్చింది. రెండేళ్ళలో దాన్ని పూర్తిగా చదివిన మొదటి ప్రాణిని నేనే. బయట సర్వీసు చేయించకూడదని ఎక్కడా లేదు. చెప్పిన గ్రేడు, ప్రమాణం గల ఆయిలు వాడాలి. వేరేది వాడినందువల్ల చెడిపోతే ఆ చెడిపోయినదానికి వారంటీ వర్తించదు. సర్వీసు చేయించినట్టు రుజువులు దాచుకోవాలి. షోరూము గోడకు వేలాడే పెద్ద బోర్డు మీద మాత్రం "బయటి ఆయిలు, వారంటీకి వీడ్కోలు" అని ఉందట. గోడకు అంత ధైర్యం, పుస్తకానికి అంత పిరికితనం ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ ముక్కలు కాగితం మీద ఎత్తి రాసి, కంపెనీకి డాక్టరుగారి చేత ఫిర్యాదు పంపించాను. వారంలో కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. డాక్టరుగారూ, బావా, పుస్తకం మోసే పనివాడిగా నేనూ షోరూముకు వెళ్ళాం. అక్కడ కూర్చునే చోట ఉన్నంత మెత్తని సోఫా మా ఇంట్లో ఎన్నడూ లేదు. మనిషి లేచి ప్రశ్న అడగలేనంత మెత్తన.

టై కట్టుకున్న అడ్వైజరు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "మేడం, బయటి షెడ్డు, చీప్ ఆయిలు, క్లియర్ కేసు."

"ఏ ఆయిలు?" అందావిడ.

"చీప్..."

"చీప్ అనేది గ్రేడు కాదు కదా. బ్రాండు ఏదైనా మనకు పరవాలేదు. ఆయిలు వల్ల పాడైందని మనం అనాలంటే, ముందు ఆయిలు ఏమిటో మనకు తెలియాలి. చూశారా?"

"ఫోటో చూశాం మేడం."

"ఇంజను ఫోటోలో లేదుగా. ఇక్కడే ఉంది."

డాక్టరుగారు మొదటిసారి సోఫాలో వెనక్కి వాలారు.

ఆవిడ అందరి ఎదుట, ఆయిలు కొలిచే పుల్ల తీసి, ఆ గొట్టంలోంచి చిన్న చేతిపంపుతో నమూనా లాగింది. రెండు సీసాలు సీలు వేసి, ఒకటి డాక్టరుగారికి ఇచ్చింది. బావ తెచ్చిన సీలు తీయని చవక డబ్బాను పోలికకు తీసుకుంది. తర్వాత బావ వైపు తిరిగింది.

"పరీక్షలో ఇంజన్లో ఇప్పుడు ఏముందో తెలుస్తుంది మేస్త్రిగారూ. పోసిన రోజు ఏం పోశారో తెలియదు. చెడిపోయాక రెండు రోజులు కారు ఇంటి దగ్గరే ఉంది. ఆ మధ్యలో మార్చేశారని పైవాళ్ళు అంటే నేనేం చెప్పాలి? ఆ ఆయిలు మీరు ముందే కొన్నట్టు బిల్లు కావాలి. పని వివరం పూర్తిగా రాసివ్వాలి. ఆ ఫోటోలో ఆ డబ్బా ఎందుకుందో కూడా రాసివ్వాలి."

బయటికి రాగానే డాక్టరుగారు బావ భుజం మీద చెయ్యేశారు. మర్యాద ఆటోలోంచి దిగి వచ్చేసింది. "పొరపాటున ఆ రోజు ఆ డబ్బా చేతికొచ్చిందని రాసెయ్యండి మేస్త్రీ. నా పేరు, నా కాలు, అవన్నీ ఎందుకు?"

కొన్న బిల్లు దొరికింది. విడిభాగాల కొట్టువాడు పళ్ళు గిట్టకరిచి కంప్యూటరులోంచి తీసిచ్చాడు: సర్వీసుకు తొమ్మిది రోజుల ముందు, అదే గ్రేడు నాలుగు డబ్బాలు, ఫిల్టరు నంబరుతో సహా. బావ "పొరపాటున" అని ఒక కాగితం రాసి, దాంతోపాటు పంపాడు. రెండో రోజునే ఇంజనీరమ్మ ఫోను చేసింది. బావ ఫోనును ఎప్పుడూ స్పీకరులోనే పెడతాడు, చేతులకు ఆయిలు కాబట్టి.

"ఆ రోజు ఒక్కసారే పొరపాటున వచ్చిందంటున్నారు. మరి ఆ రోజు ఆ డబ్బాలో ఏముందండీ?"

బావ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోసాగాడు.

"ఖాళీ డబ్బా పొరపాటున చేతికి రాదు కదా. నిండు డబ్బా అయితే లారీ ఆయిలు అవుతుంది. మీరే చెప్పండి."

"అది... ఎప్పుడూ ఖాళీనే అమ్మా."

"ఎప్పుడూ అంటే?"

మా చెల్లెలు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. బావ దానివైపు, నావైపు, చివరికి బోర్లించిన డబ్బావైపు చూశాడు. "అందరికీ దాంతోనే పోస్తాను. పన్నెండేళ్ళుగా."

"అయితే అదే రాయండి. అందరి ఫోటోలూ ఉంటే పంపండి. ఒకే డబ్బా అని కనబడితే, నాకు ఇంకేం అక్కర్లేదు."

డబ్బా మూతికి కింద ఒక సొట్ట ఉంది. ఎప్పుడో జాకీ కింద నలిగినప్పటిది. ఫోటోల్లో ఆ సొట్ట కనిపిస్తే, డీజిలు జీపుకూ, పెట్రోలు కారుకూ, స్కూటరుకూ అదే డబ్బా వాడాడని తేలుతుంది. ఆ అన్నిటికీ ఒకే ఆయిలు పోసే పిచ్చివాడు ఉండడు కాబట్టి అది కొలత పాత్రే అని తేలుతుంది. ఎంత చక్కని సాక్ష్యం! ఆ డబ్బాతో ఫోటోలు తీసుకున్న పద్నాలుగు ఇళ్ళకు వెళ్ళి, "మీరు మురిసిన ఫోటో అబద్ధం, దయచేసి అసలు సైజులో పంపండి" అని అడుక్కోవడమే మిగిలింది.

"గ్రూపులో ఉన్నవే వాడుకోవచ్చుగా?" అన్నాను.

"చెప్పకుండా తీసుకుని కంపెనీకి పంపితే, దొంగతనం కూడా కలుస్తుంది బావా. ఉన్నది చాలు."

నన్ను తోడు రమ్మన్నాడు. ఎందుకని అడిగితే, "నువ్వు మాట్లాడవు కదా, నీ పక్కన నేను ధైర్యవంతుడిలా కనిపిస్తా" అన్నాడు.

మొదట డ్రైవింగు నేర్పే ఆవిడ. ఆవిడకు రెండు కార్లు, రెంటికీ బావే దిక్కు. విషయం మొత్తం విని, "నాకు తెలుసు మేస్త్రీ. ఆ ధరకు ఆ బొమ్మ ఆయిలు ఎవడిస్తాడు?" అంది.

"మరి ఫోటో ఎందుకు తీశారమ్మా?"

"నేర్చుకోడానికొచ్చేవాళ్ళకు చూపించడానికి. మీరు నాకు అబద్ధం చెప్పలేదు, నేనే వాళ్ళకు చెప్పాను. పంపిస్తున్నా, మీ నంబరు అదేనా?"

రెండో ఇల్లు దిగ్విజయంగానే ముగిసింది. మూడో ఇంట్లో స్కూటరాయన ఉన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఏ మాట లేకుండా నడుస్తున్న స్కూటరు మీద ఆయనకు ఆ క్షణంలో అనుమానం పుట్టింది. "అదీ సంగతి! అందుకే మొన్న చలికి ఒక కిక్కు ఎక్కువ అడిగింది."

"మీ బండి పుస్తకంలో ఉన్న గ్రేడే పోశానండీ."

"పోశారు. కానీ నేను ఆ బొమ్మది అనుకున్నాను."

"ధర కూడా పోసినదానిదే తీసుకున్నానండీ, మామూలుదానిది."

"అది వేరు. నేను అనుకున్నాను కదా!" ఆ వాదనకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఫోటో మాత్రం పంపాడు, కింద దండం బొమ్మ పెట్టి.

పదో ఇల్లు బట్టల కొట్టాయనది. పెద్ద కారు, పెద్ద కొట్టు. పదకొండేళ్ళుగా బావ చేతిలో తప్ప బానెట్టు తెరిపించని మనిషి. కొట్టులో నలుగురు కొనేవాళ్ళ ముందే చెప్పమన్నాడు. బావ చెప్పాడు. ఆయన ఒక తాను మడతపెట్టడం ఆపకుండానే విన్నాడు.

"అంటే నాకు పదకొండేళ్ళు చవక సరుకు పోసి, మంచి సరుకు చూపించావు."

"చవకే గానీ తక్కువ సరుకు కాదండీ. మీ ఇంజనుకు ఏది కావాలో..."

"నేను ఒక మిల్లు గుడ్డ మీద ఇంకో మిల్లు ముద్రేసి అమ్మితే నన్నేమంటావు?"

బావ దగ్గర జవాబులు ఉన్నాయి. ధర సంగతి చెప్పొచ్చు, తను ముద్ర వేయలేదని చెప్పొచ్చు, మీరే మురిశారని చెప్పొచ్చు. ముందు తొమ్మిది ఇళ్ళలో చెప్పాడు కూడా. ఇక్కడ, "చెప్పి ఉండాల్సింది" అని మాత్రం అన్నాడు. బట్టల కొట్టాయన ఫోటో ఇవ్వలేదు. గుమ్మం దిగుతుంటే లోపలి నుంచి ఎవరో "పాపం, లారీ ఆయిలట" అనడం వినిపించింది. ఇంత చెప్పినా ఊరికి అందింది అదే.

పద్నాలుగులో పదకొండు ఫోటోలు వచ్చాయి. పదకొండింటిలోనూ సొట్ట ఉంది. సంజాయిషీ ఆయన చెబుతుంటే నేను రాశాను. "నా సౌకర్యానికి" అని రాస్తే, "కొట్టెయ్ బావా" అన్నాడు. "నా సౌకర్యానికి మొదలుపెట్టాను. బొమ్మ చూసి జనం సంతోషిస్తున్నారని తెలిశాక కూడా మార్చలేదు. అలా రాయి." కంపెనీకి ఆ వాక్యంతో ఏ పనీ లేదు. రాశాను.

డాక్టరుగారు సంతకానికి వచ్చి, తన కాలు ప్రస్తావన ఎక్కడా లేదని రెండుసార్లు వెతికి తృప్తిపడ్డారు.

పన్నెండో రోజున రిపోర్టు వచ్చింది. వంద డిగ్రీల వేడిలో ఆయిలు చిక్కదనం ఏడున్నర పైచిలుకు. లారీ ఆయిలయితే పన్నెండున్నరకు పైన మొదలవుతుంది. పెట్రోలు కలిస్తే తప్ప ఇంతగా పలచబడదు, పెట్రోలు కలవలేదని కూడా అందులోనే ఉంది. మిగతా దినుసులు సీలు డబ్బాతో సరిపోయాయి. ఈలోగా టర్బోకు ఆయిలు తీసుకెళ్ళే సన్నని గొట్టాన్ని ఇంజనీరమ్మ కోయించి చూసింది. అతుకు దగ్గర లోపలివైపు లోహపు బొట్టు ఒకటి గడ్డకట్టి, సగం దారి మూసేసి ఉంది. అది ఫ్యాక్టరీలో పుట్టినది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆయిలు పోసినా, ఆ గొట్టం దాన్నీ అంతే గౌరవించి ఉండేది.

టర్బో, గొట్టం, కూలీ అంతా వారంటీలో మార్చారు. ఉత్తరం ఎంతో మర్యాదగా ఉంది. చివర్లో, ఇకపై సర్వీసులు అధీకృత కేంద్రాల్లోనే చేయించుకోవడం ఉత్తమమని సలహా కూడా ఉంది. డాక్టరుగారు ఆ సలహాను శిరసావహించారు. అక్కడ ఆయిలును గోడ వెనకున్న పీపాలోంచి తుపాకీ లాంటి గొట్టంతో పోస్తారు, ఏ బొమ్మా కనబడదు. ఫోటో తీయడానికి ఏమీ లేక ఆయన సోఫా ఫోటో పెట్టారు.

మా బావ ఇప్పుడు బిల్లు రాయడానికి పావుగంట తీసుకుంటున్నాడు. ఆయిలు కంపెనీ, గ్రేడు, ప్రమాణం, ఎన్ని లీటర్లు, ఫిల్టరు నంబరు, కిలోమీటర్లు, తేదీ. సీలు డబ్బా వెనకవైపును కొనేవాడి చేతే ఫోటో తీయిస్తాడు. కొందరు ఆ ఫోటో తీస్తూ మొహం చిట్లిస్తారు. వెనకవైపు ఎవరికి చూపించుకుంటాం? ముక్కు డబ్బా పోయింది, రేకు కొలపాత్ర వచ్చింది. పద్నాలుగు మందిలో అయిదుగురు రావడం మానేశారు. షెడ్డులో మధ్యాహ్నాలు ఖాళీ. ఆయన ఆ ఖాళీలో వీధిని చూస్తూ కూర్చుంటాడు. వెళ్ళే ప్రతి ఇంజనూ ఏమంటోందో చెబుతాడు, ఎవరూ అడగకపోయినా.

బట్టల కొట్టాయన కారు రోజూ మా ముందు నుంచే పోతుంది. అద్దం ఎత్తి, చూపు నిటారుగా. మొన్న సోమవారం అది వెళ్ళాక తారు మీద బొట్లు బొట్లుగా ఆయిలు చుక్కలు. మంగళవారం చుక్కల మధ్య దూరం తగ్గింది. బావ కూర్చున్న చోటునుంచి లేచి, వంగి, వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"కింద బోల్టు సరిగా బిగించలేదు ఎవడో. కొత్త ఆయిలు."

"బిగించింది మీరు కాదు కదా, మీకెందుకండీ?" అంది చెల్లెలు. "అన్న మాటలు మర్చిపోయారా?"

"మర్చిపోలేదు."

బుధవారం పొద్దున కారు వస్తుంటే బావ రోడ్డు అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. "అయ్యా! కింద బోల్టు వదులైంది! ఆయిలు పోతోంది!" అని అరిచాడు.

కారు ఆగలేదు. అద్దం అప్పటికే పూర్తిగా ఎత్తి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మరికాస్త ఎత్తేవాడే. ముందుకు సాగిపోయింది. చెల్లెలు గుమ్మంలోంచి, "చాలా తృప్తిగా ఉందా?" అని అడిగింది.

నలభై గజాలు పోయాక వెనక ఎర్రదీపాలు వెలిగాయి. కారు పక్కకు తీసి ఆగింది. తలుపు తెరుచుకోలేదు. లోపలి మనిషి ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

బావ పదిహేడు నంబరు స్పానరు తీసుకున్నాడు. పాత అట్టముక్క ఒకటి చంకలో పెట్టుకున్నాడు, కింద పడుకోవడానికి. పరుగెత్తలేదు. ఆ మనిషి అద్దంలో చూస్తున్నాడని తెలుసు కాబట్టి, తీరుబడిగా, మామూలుగా పనికి వెళ్ళేవాడిలా నడిచాడు.